దేవుడి ఖాతా ఏ గ్రూపులో

గుంటూరు మిర్చి యార్డులో మా కమీషన్ కొట్టుకు కంప్యూటర్ వచ్చేనాటికి నా బి.కాం. పట్టా కొత్తది, ఉద్యోగం కొత్తది, నోరు మాత్రం పాతదే. ఆ పెట్టెను చూడడానికి పక్క కొట్లవాళ్ళు వచ్చేవాళ్ళు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు కదులుతుంటే మా యజమాని తనే వాటిని పుట్టించినట్టు మీసం దువ్వుకునేవారు. పని చెయ్యాల్సింది నేను.

మొదటి పని ఖాతాల పట్టిక తయారుచెయ్యడం. కొత్త ఖాతా తెరిచి పేరు కొట్టగానే అది ఏ గ్రూపులోదని మెషీన్ అడిగేది. ఆస్తి, బాకీ, మూలధనం, ఆదాయం, ఖర్చు: వీటిలో ఒకటి చెప్పకపోతే ముందుకు కదిలేది కాదు. సరుకు కొని ఇంకా డబ్బివ్వని వ్యాపారుల ఖాతాలు ఆస్తిలోకి, సరుకు అమ్ముడైనా డబ్బు అందని రైతులవి బాకీలోకి, మా కమీషన్ ఆదాయంలోకి వెళ్ళాయి. సరుకు అమ్మాక రైతుకిచ్చే లెక్క చీటీలో, అంటే పట్టీలో, కోసే హమాలీ కూలి మనది కాదు, హమాలీలకిచ్చేది కాబట్టి బాకీలో వేశాను. యజమాని తల ఊపారు.

తర్వాత దేవుడి వంతు వచ్చింది.

ప్రతి బస్తాకీ రైతు పట్టీలో గుళ్ళకిచ్చే ధర్మం పేరుతో కొంత కోయడం తాతలనాటి పద్ధతి. ఉగాదికి కొత్త పుస్తకం తీసి పసుపు పెట్టి మొదటి పేజీలో దేవుడి ఖాతా రాసేవాళ్ళు. పుస్తకంలో ఆ పేజీకి ఏ గ్రూపూ అక్కర్లేదు. ఏడాది చివర యజమాని ఏదో ఖర్చు కింద దాన్ని చెరిపేసేవారు. అడిగినవాడు లేడు.

నేను దాన్ని హమాలీ పక్కనే బాకీలో వేశాను.

"దేవుణ్ణి అప్పులవాళ్ళలో కూర్చోబెడతావా అమ్మాయ్? పూజారిగారి కూతురివై ఉండి?"

"మనం ఆయనకి బాకీ కదండీ. రైతు దగ్గర పట్టుకున్నాం, ఇంకా ఇవ్వలేదు."

"మొదటి నంబరివ్వు."

"మొదట ఉండేవి ఆస్తులండీ. అక్కడ పెడితే దేవుడే మనకి బాకీ ఉన్నట్టు."

ఆయన గొణుక్కుంటూ ఊరుకున్నారు. నెల ముగిసేదాకా అంతే.

నెలాఖరున చూడవలసిన పనులన్నీ ఒక అట్ట మీద రాసి గోడకు తగిలించాను. ఇనప్పెట్టెలో నగదు, బ్యాంకు పాస్‌బుక్కు, తేలని పద్దులు, ఫ్లాపీలో నకలు, ఇలా అన్నీ సరిచూశాకే ఆ నెలకు తాళం వెయ్యాలి. తాళం పడ్డాక పాత తేదీతో పద్దు రాయడం కుదరదు. ఆ అట్ట మీద ఒక వరుస ఇలా ఉంది: పట్టుకున్న సొమ్ము చేరవలసిన చోటికి చేరిందా. హమాలీలది చేరింది. ఆలస్యమైతే వాళ్ళ మేస్త్రీ కొట్టు ముందు నిలబడి అరుస్తాడు. దేవుడు అరవడు, తేడా అంతే.

అప్పు పరిమితి పెంచేందుకు బ్యాంకు మేనేజరు మర్నాడు, నెల చివరి రోజున, లెక్కలు చూడడానికి వస్తున్నారు. యజమాని నేను తీసిచ్చిన లెక్కల కాగితం తిరగేసి, దేవుడి బాకీ దగ్గర ఆగారు.

"దీన్ని ఆదాయంలోకి మార్చెయ్. లాభం బాగా కనపడుద్ది."

"అలా మారిస్తే లాభంలో కలిసి మీ మూలధనంలోకి పోద్దండీ. ఇక దేవుడికి మిగిలేదేం లేదు."

"దేవుడు ఆగుతాడులే."

"దేవుడు ఆగుతాడేమో గానీ నెల ఆగదండీ. ఆ వరుస తేలందే నేను తాళం వెయ్యను."

"అయితే రేపట్నుంచి రాబాక."

నాకు ఒళ్ళు మండింది. మా నాన్న అద్దంకి దగ్గర పల్లెలో చిన్న గుడికి పూజారి. దీపానికి నూనె లేక రెండు వత్తులను ఒకటి చేసి వెలిగించే మనిషి. ఆ ఊరి మిరపకాయ బస్తాలు మా కొట్టుకే వచ్చేవి, వాటి మీదా ధర్మం కోసేవాళ్ళం. నా జీతం లేకపోతే మా ఇల్లు గడవదని తెలుసు. తెలిసీ సంచీ తీసుకుని బయటికొచ్చాను. మర్నాడు మళ్ళీ వేళకే వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. పొమ్మన్నంత మాత్రాన సగంలో వదిలేసి పోతానా?

తాళం పడని లెక్కలు బ్యాంకువాళ్ళు ఒప్పుకోరు, ఆ మెషీన్ నడపడం కొట్టులో ఇంకెవరికీ రాదు. మేనేజరు వచ్చేవేళ దగ్గరపడేకొద్దీ యజమాని గడియారం వంకా, అట్ట వంకా చూశారు. చివరికి చెక్కు పుస్తకం నా ముందు పడేశారు.

"ఏ గుడికి రాయమంటావో నువ్వే చెప్పు. నీ దేవుడు, నీ బాకీ."

"నా దేవుడు కాదండీ, రైతులిచ్చింది. ఏ ఊరి సరుకెంతో పట్టీల్లో ఉంది. ఆ ఊళ్ళకే పోవాలి."

పట్టీలు ముందేసుకుని ఊరి పేరునిబట్టి చెక్కులు రాశాను. ఆయన సంతకాలు పెట్టారు. బాకీ తీరింది, తాళం వేశాను.

అద్దంకి వైపు పల్లెలకు రాసినవాటిలో మా ఊరిదీ ఉంది. దాన్ని నేను చేత్తో తీసుకెళ్ళలేదు, మిగతావాటిలాగే పోస్టులో వేశాను. ఆదివారం ఇంటికెళితే నాన్న చెప్పాడు: ఎవరో కొట్టువాళ్ళు గుడికి డబ్బు పంపారట, ఎందుకో తెలియదట.

"దానం కాదు నాన్నా, బాకీ," అన్నాను.

ఆ సాయంత్రం గుళ్ళో రెండు వత్తులూ విడివిడిగా వెలిగాయి.