గీత కింద పోయిన పేరు

వదిన కోపం సంగతి ఆ ప్రింటింగ్ షాపులో తెలియనివాళ్లు లేరు. షాపు చూసుకునేది ఆమె మరిది. అతని నోటి పిలుపే అందరికీ అంటుకుని, నీళ్ల క్యాన్లు వేసే మనిషి కూడా ఆమెను "వదినగారూ" అనేవాడు. డిజైన్లన్నీ ఆమెవే. రోల్అప్ స్టాండీ, అంటే పెట్టెలోంచి పైకి లాగి నిలబెట్టే బ్యానరు, కావాలని వచ్చినవాళ్లకు మాత్రం చుక్కలు చూపించేది.

"అడుగున ఫోన్ నంబరు పెట్టమంటారేంటండీ? లాగి నిలబెట్టాక ఆ కింది ముక్క బేస్ పెట్టెలోనే ఉండిపోతుంది. మీకు ఫోన్ చేసేది లోపలున్న స్ప్రింగా?"

ఆమె కంప్యూటర్‌లో ప్రతి స్టాండీకీ అడుగున అచ్చులో రాని ఒక ఎర్రగీత ఉండేది. దాని కింద ఉత్త రంగే తప్ప ముఖం గానీ మాట గానీ ఉండకూడదు. ఆ గీత గీసింది ఆమె భర్త. ప్రింటింగ్ మిషన్ ఆయనే నడిపేవాడు. "కింద పెట్టిందేదైనా జనాల బూట్లకే కనిపిస్తుందే" అని నవ్వేవాడు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. గీత అలాగే ఉంది.

ప్రింటర్ల సంఘం సభ వచ్చింది. ఆ ఏడాది పోయిన సభ్యులను తలుచుకోవడానికి వేదిక పక్కన స్టాండీ పెట్టాలన్నారు. అధ్యక్షుడు తన ఫొటో పైనుంచి సగందాకా రావాలన్నాడు. పోయినవాళ్ల ఫొటోలు, వాటి కింద పేర్లు అడుగున ఒక వరుసలో చాలన్నాడు; అందులో ఆమె భర్తా ఉన్నాడు. "పోయింది వాళ్లా, ఈయనా?" అని వదిన పళ్లు నూరింది. అయినా సంఘంతో గొడవెందుకని మరిది బతిమాలితే, పేర్లను సరిగ్గా ఎర్రగీత మీద కూర్చోబెట్టి ఇచ్చింది. అత్తగారు సభకు వస్తానంది. కొడుకు పోయాక ఆవిడ గడప దాటడం అదే మొదటిసారి.

సభ రోజు పొద్దున్నే హాల్లో వదిన స్టాండీ పైకి లాగి కర్రకు తగిలించింది. ఒక అడుగు వెనక్కి వేసి చూసింది. అధ్యక్షుడు పైసగమంతా నిండి నవ్వుతున్నాడు. అడుగున ఆమె భర్త ముఖం పెదవుల దగ్గర ఆగిపోయింది. గడ్డం లేదు. పేరు లేనే లేదు. పెట్టె మింగేసింది.

"ఏం స్టాండు తెచ్చావురా ఇది?" హాలంతా మోగింది.

మరిది పరుగెత్తుకొచ్చాడు. "కొత్తవి వదినా. ఈమధ్యే మార్చాం కదా."

"చవగ్గా వస్తున్నాయని మార్చావు! మీ అన్న పేరు పెట్టెలో పాతిపెట్టావు!"

"ఇంకాస్త లాగుతానుండు."

"లాగు! అతుకు ఊడి మొత్తం చేతికొస్తుంది. పాతదాంట్లో రోలర్‌కి షీటు అతికించే పొడుగు పట్టీ ఉండేది, మన షీటు చాలావరకు బయటికొచ్చేది. దీంట్లో పట్టీ పొట్టిది. షీటే జానెడు లోపలుండాలి. నాకు చెప్పాలా వద్దా?"

"చెప్పాను వదినా. స్టాండ్లు దిగిన రోజే గీత జరపమన్నాను. ఆయన పెట్టిన గీత జోలికి రావద్దని నామీదికి లేచావు."

నిజమే, లేచింది. మౌస్ పట్టుకున్న అతని చేతిని విసిరికొట్టింది కూడా.

అధ్యక్షుడు చేతులు ఊపుకుంటూ వచ్చాడు. "ఏముందమ్మా, ముందు నాలుగు పూలకుండీలు పెట్టేస్తే తెలియదు."

"కుండీలు మీ ముఖం ముందు పెట్టుకోండి!" ఆగిన కోపమంతా అతనిమీద విరుచుకుపడింది. "తలుచుకోవాల్సినవాళ్లను కాళ్ల దగ్గర పడేసి, వాళ్ల నెత్తిన మీరెక్కి కూర్చున్నారు. తల్లి వస్తోందండీ. కొడుకు మూతి వెతుక్కోవాలా ఆవిడ?"

స్టాండీ చుట్టి చంకన పెట్టుకుని పక్క వీధిలోని షాపుకు నడిచింది. వెనకే మరిది.

కంప్యూటర్ ముందు కూర్చుంది. అధ్యక్షుణ్ణి పట్టుకుని కుదించి, ఆ వరుసనంతా పైకి, నిలబడ్డ మనిషి చూపు ఆనేచోటికి తెచ్చింది. అడుగున భర్త గీసిన గీత మిగిలింది. మరిది స్టాండు పక్కన టేపు పట్టుకుని, షీటు ఎంత లోపలుంటుందో కొలిచి చెప్పాడు. ఆమె గీతమీద వేలు నొక్కి ఉంచింది.

"నువ్వు బతికుంటే నువ్వే జరిపేవాడివి కదయ్యా," అంది తెరతో, తిట్టినట్టే. గీత పైకి జరిపేసింది.

షీటు మిషన్లోంచి వచ్చింది. మరిది ఫ్యాన్ పెట్టి ఆరబెట్టాడు. వదిన దాన్ని స్టాండు పట్టీకి అతికించింది.

వాళ్లు హాలుకు చేరేసరికి సభ మొదలైంది. అధ్యక్షుడు మైకు ముందునుంచి గుర్రుగా చూశాడు. వదిన లెక్కచేయకుండా వేదిక పక్కకెళ్లి, స్టాండీ లాగి నిలబెట్టింది. అత్తగారు మొదటి వరుసలోంచి లేచి దగ్గరకొచ్చింది. రంగు వాసన ఇంకా పోలేదు. ఆవిడ వంగలేదు. నిలబడే కొడుకు పేరు పైకి చదివింది, మైకులో మాట ఆగిపోయేంత గట్టిగా.