వేలిముద్ర పడిన తెల్ల కాగితం

డోన్ బస్టాండు ఎదురుగా నాగచైతన్య జిరాక్సు అంగట్లో టైపు చేసే మహిమకు ఖాళీ కాగితమంటే భయం. నవ్వకండి, ఊరికే పుట్టిన భయం కాదది. వాళ్ల నాయన లాజరు ఎప్పుడో ఒక తెల్ల కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఎవరో దాని మీద అమ్మకం రాసుకున్నారు, ఉన్న చేను కాస్తా పోయింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో అందరూ కూలికి పోయేవాళ్లే.

అలాంటి మనిషి ప్రాణానికి కంప్యూటర్లో టైపు చేసే ఆ వర్డ్ ప్రోగ్రాం ఒకటి దాపురించింది. కౌలు అగ్రిమెంట్ల చివర హద్దుల పట్టిక ఉంటుంది. అది పేజీ అడుగుదాకా వచ్చిందంటే, పట్టిక కింద ఎప్పుడూ ఉండే ఖాళీ పేరా అవతలి పేజీకి జారుతుంది. ఎంత డిలీట్ కొట్టినా పోదు, మొండిఘటం! ఆఖర్న ఒక తెల్ల కాగితం వచ్చి పడుతుంది.

అంగట్లో రెండు కంప్యూటర్లకూ ప్రింటరు ఒకటే. ఒకరి పని ఇంకొకరి పనిలో కలవకుండా ప్రతి పనికీ చివర పేరూ టైమూ వేసిన సెపరేటర్ పేజీ వచ్చేది. దాన్నీ, దానికి ముందున్న తెల్ల కాగితాన్నీ మహిమ కలిపి లాగేసేది. పేరాను సరిచేసే ఉపాయం తెలియక కాదు. చేత్తో లాగితే పోయేదానికి అంత గొడవెందుకని.

ఆ పొద్దున నాగచైతన్య కాగితాలు దండగని సెపరేటర్ తీసేశాడు. మాటైనా చెప్పలేదు, మహానుభావుడు!

గురమ్మ చేను శాంతయ్యకు కౌలుకిచ్చే అగ్రిమెంటు ఇచ్చి పంపాక, ఇంకో పని ప్రింటు తీస్తే చివర సెపరేటర్ పేజీ రాలేదు. అంటే గురమ్మ కాగితాల్లోంచి తెల్లదాన్ని మహిమ లాగనే లేదు. చెప్పులైనా తొడుక్కోకుండా రోడ్డు దాటింది.

టీ అంగడి దగ్గర శాంతయ్య కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంటున్నాడు. గురమ్మ బొటనవేలి సిరా గోడకు రాస్తోంది.

"అన్నా, ఆ కాగితాలు ఒకసారి ఈయప్పా. ఒకటి ఎక్కువొచ్చిండాది."

ఆఖరి కాగితం తెల్లగా ఉంది. అడుగున నీలం వేలిముద్ర, ఇంకా తడి ఆరలేదు.

"ఖాళీదే గదమ్మా, ఉండనీలే," అన్నాడు శాంతయ్య.

"ఖాళీది గాబట్టే గదన్నా!"

ఆ అరుపుకు టీ తాగేవాళ్లు తిరిగి చూశారు. శాంతయ్య కాగితం వదిలాడు. మహిమ ఆ కాగితాన్ని ముక్కముక్కలుగా చింపింది. కోపమో ఏడుపో తెలియడం లేదు.

"ఏమీ రాయని దానిమీద ఎందుకేసినావు అవ్వా?"

"ఖాళీదని నేనూ సూస్తి తల్లీ," అంది గురమ్మ. "నువ్విచ్చిన కాగితం గదా, దానికీ ఏయాలేమో అనుకుంటి."

మహిమ అంగట్లోకి వెనక్కొచ్చి ఆ ఖాళీ పేరాకు అక్షరం సైజూ, లైను ఎత్తూ ఒక్కో పాయింటుకు తగ్గించింది. ఎక్కువ పేజీ మాయమైంది. అయినా ప్రింటయిన ప్రతి కాగితాన్నీ తిప్పి చూస్తూనే ఉంది.