విమానం రద్దయిందని రాసిన మెయిల్
కల్లూరు నుంచి అక్కతో కారులో హైదరాబాద్ బయలుదేరి వైరా చేరేసరికి, నా విమానం రద్దయిందని మెసేజ్ వచ్చింది. ఎల్లుండికి మార్చిన టికెట్‌తో వెళ్తే, విదేశంలో నేను చేరబోయే యూనివర్సిటీలో ఓరియంటేషన్ తప్పిపోతుంది. సీటు కూడా పోతుందేమోనని భయపడ్డాను.

అక్క టీకొట్టు దగ్గర కారు ఆపింది. “ఏడ్సుడెందుకే? జరిగింది జరిగినట్టు రాయి. ఆ మెసేజ్, కొత్త టికెట్ రెండూ పెట్టు” అంది.

స్టూడెంట్ నంబర్, చేరే రోజు రాసి, ఆలస్యంగా రావచ్చా, హాస్టల్ గది ఉంచుతారా అని అడుగుతూ ఇంటర్నేషనల్ ఆఫీసుకు మెయిల్ పంపాను. ఇంటికి తిరిగొచ్చాం.

సాయంత్రం జవాబు వచ్చింది. రిజిస్ట్రేషన్ గడువు ఇంకా ఉందట, ఓరియంటేషన్ మళ్లీ పెడతారట, గది ఉంచమని హాస్టల్‌కు వాళ్లే చెప్పారట.

“గింతదానికి గంత పరేషాన్ అయినవా?” అని అక్క నవ్వింది.

పొద్దుటి నుంచి ముద్ద దిగని నేను అప్పుడు మామిడికాయ పచ్చడితో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.