రెండో పెట్టె

మా రెడ్డిగూడెం మామిడితోటకు ఆన్‌లైన్‌లో బ్యాటరీ స్ప్రేయర్ తెప్పించాను. కోతల హడావుడిలో కాపలా ఆయన సంతకం పెట్టి దించుకున్నాడు. ఆదివారం నేను తోటకు వెళ్లి, విజయవాడలోని అక్కకు రసాలు సర్ది పంపి, నూజివీడు వచ్చేశాను.

మర్నాడు కాపలా ఆయన ఫోన్ చేశాడు. "స్ప్రేయర్ ఉందండి, చార్జర్ లేదు. ఎన్ని పెట్టెలు దించారో చూసుకోలేదండి."

డెలివరీ నోటు ఫొటో పంపమన్నాను. చిరిగి, మామిడి సొన మరకలతో ఉంది. పెద్దది చేసి చూస్తే తెలిసింది: పెట్టెలు రెండు, చార్జర్ రెండోదాన్లో. నాకు ఒళ్లు మండింది. అయినా అమ్మినవాళ్లకు మర్యాదగానే మెయిల్ రాశాను. ఫొటో జతచేసి, "రెండో పెట్టె అందలేదు, దయచేసి విచారించగలరు" అన్నాను. అక్కడ ఆగలేదు. "మీ డెలివరీ మనిషిని కాస్త గట్టిగా అడగండి" అని కూడా చేర్చాను.

బుధవారం అక్క ఫోన్ చేసింది. "కాయల కింద ఈ చార్జరేంటే?"

సీజన్లో మాకు ఏ అట్టపెట్టె కనిపించినా కాయలకే. మూత చిరిగిన ఆ పెట్టె అడుగున బుడగల కవరు చూసి, కాయలు నలగవులే అనుకుని, దానిమీదే వరిగడ్డి పరిచింది నేనే.

వెంటనే క్షమాపణ మెయిల్ పంపాను. ఫిర్యాదు మూసేశామని జవాబొచ్చింది.

శనివారం తోట గేటు దగ్గర డెలివరీ ఆయన ఎదురయ్యాడు. నాకంటే పెద్దవాడు.

"ఆ పెట్టె దొరికిందా అండీ? బండి మీంచి జారిందేమోనని విస్సన్నపేట నుంచి రోడ్డు పక్కనంతా వెతుక్కుంటూ వచ్చానండి. తప్పు నాదేనండి."