రోడ్డు వైపు తిరిగి కూర్చున్న మెకానిక్

పిడుగురాళ్ల బస్టాండు వెనక వీధిలో కోటేశ్వరి ఫోటో స్టూడియో ఉంది. ఏ మగమనిషి వచ్చినా గుమ్మం దగ్గర నిలబడే మాట్లాడి వెళ్ళాలి. ఆ సంగతి ఎక్కడా రాసిలేదు గానీ అందరికీ తెలుసు. సున్నపు బట్టీల దుమ్ము పడకుండా కంప్యూటర్ మీద ఆమె కప్పే పాత చీరముక్క కూడా, దుమ్ము కోసమా, చూపుల కోసమా అన్నది చెప్పడం కష్టం.

మనుషుల్ని నమ్మకపోవడం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. భర్త గురునాథం పోయాక కెమెరా తానే పట్టుకుని, ఎడిటింగుకు ఒక పనివాణ్ణి పెట్టుకుంది. మంచివాడే, మాట మెత్తన. ఒకరోజు వాడి ఫోను బల్లమీద మోగింది. తెర మీద ఎవరో పెళ్ళికూతురి ముఖం. గోరింటాకు చేతులతో కళ్ళు దించుకున్న ఆ ఫోటో కోటేశ్వరి తీసిందే. వాణ్ణి ఆ పూటే పంపేసింది. అప్పటినుంచి ఫోటోలున్న ఫోల్డరుకు ‘కరెంటు బిల్లులు’ అని పేరు పెట్టి, కనబడకుండా దాచే మీట నొక్కి, కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ వేసింది. ఆ పాస్‌వర్డ్ సొంత అక్కకు కూడా చెప్పలేదు.

ఈ జాగ్రత్తే ఆమెకు అన్నం పెట్టింది. ముస్లిముల ఇళ్ళలో నిఖా అయితే ఆడవాళ్ళ వైపు ఫోటోలకు మాచర్ల దాకా ఆమెనే పిలుస్తారు. పోయినవారం షమీమ్ బేగం కూతురి నిఖాకూ ఆమే వెళ్ళింది. పరదా తీసి, నగలు పెట్టుకుని, నవ్వుతూ కూర్చున్న ఆడవాళ్ళు. “మొగోళ్ళ కంట పడకూడదు అక్కా. అల్లుడు వాళ్ళు చానా కట్టుదిట్టం. పిల్లకు మాటొస్తది,” అంది షమీమ్. “నా ప్రాణం మీద ఒట్టు,” అంది కోటేశ్వరి.

ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇంకో ఫంక్షను కోసం కెమెరా కార్డులు చెరిపేసింది. సాయంత్రం కంప్యూటర్ అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయింది. మరునాడు మీట నొక్కితే విండోస్ గుర్తు వచ్చి, చక్రం తిరిగి, తెర నీలంగా మారి, మళ్ళీ మొదటికి. ఎన్నిసార్లు చూసినా అంతే.

నరసరావుపేట రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే ఏసుబాబుకు ఫోను చేసింది.

“షాపుకు పంపించక్కా, చూస్తా.”

“పంపను. నువ్వే రా.”

అతను వచ్చాడు. గుమ్మంలో ఆగకుండా లోపలికి రమ్మని తానే అనవలసి వచ్చింది. అతను ఒకసారి ఆన్ చేసి చూసి, చొక్కా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. “అదేంది? నా ఫోటోలు దాంట్లోకి ఎక్కించుకుంటావా?”

“దీంట్లో లినక్స్ ఉందక్కా, విండోస్ లాంటిదే ఇంకోటి. నీ విండోస్ పడిపోయింది గానీ డిస్క్ బాగానే ఉన్నట్టుంది. నీ విండోస్‌ను నిద్రలేపకుండా, ఈ పెన్‌డ్రైవ్ లోంచే కంప్యూటర్‌ను నడిపిస్తా. అప్పుడు డిస్క్‌లో ఉన్నది తీసి, బయట గుచ్చే డ్రైవ్ నీ దగ్గరుంటే దాంట్లో పెట్టుకోవచ్చు. డిస్క్ మీద ఏమీ రాయం.”

“నా పాస్‌వర్డ్ నేను చెప్పను.”

“అక్కర్లేదులే.”

ఆ ‘అక్కర్లేదులే’ ఆమెకు నచ్చలేదు.

ఆన్ అవుతుండగా అతను ఒక మీట టపటపా నొక్కాడు. ఓ జాబితా వచ్చింది. అందులో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకున్నాడు. ‘ఇన్‌స్టాల్’ అన్న గుర్తును మాత్రం ముట్టుకోవద్దని, ముట్టుకుంటే డిస్క్ చెరిగిపోవచ్చని ముందే చెప్పాడు. నల్లతెర మీద తెల్ల అక్షరాలు పరుగెత్తి, ఎన్నడూ చూడని కొత్త తెర తెరుచుకుంది. అతను డిస్క్ గుర్తు మీద రెండుసార్లు నొక్కాడు. మార్పులు చెయ్యడానికి లేదు, చదవడానికే అని ఒక మాట వచ్చింది. “విండోస్ సగంలో ఆగింది గదా, అందుకని. మనకు చదవడం చాలు,” అన్నాడు.

ఫోల్డర్లు వరసగా వచ్చాయి. వాటి మధ్యన, దాచిన మాటే ఎరగనట్టు, ‘కరెంటు బిల్లులు’.

కోటేశ్వరి కుర్చీలోంచి లేచింది. “ఇది నీకెట్టా కనపడ్డది? పాస్‌వర్డ్ కొట్టలేదు, ఏమీ లేదు. నా కంప్యూటర్లో ఇంతకుముందు దూరావా నువ్వు?”

“దూరలేదక్కా. పాస్‌వర్డ్ విండోస్ వాకిలికి. మనం ఆ వాకిట్లోంచి రాలేదు. దాచిపెట్టే మీట మాట కూడా విండోసే వింటది గానీ లినక్స్ దాన్ని పట్టించుకోదు. డిస్క్‌కే విడిగా తాళం వెయ్యకపోతే ఎవడైనా ఇట్టా తెరవచ్చు.”

ఇన్నేళ్ళు తాను వేసింది తాళం కాదనీ, తలుపు ఊరికే దగ్గరికి వెయ్యడమేననీ ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఎవడైనా అంటే ఆ పనివాడు కూడా.

అతను మౌస్ ఫోల్డరు మీదకు జరిపాడు.

“ఆగు. తెరిస్తే ఏమైతది?”

“ఫోటోలన్నీ చిన్నచిన్నవిగా కనపడతాయి.”

“అయితే తెరవొద్దు. లే అక్కణ్ణించి.”

ఏసుబాబు లేచాడు. కోపమేమీ లేదు. పెద్దచెల్లెలు పెళ్ళయి మాచర్లలో ఉందట, ఇట్లాంటి పట్టింపులు తెలుసునన్నాడు. కుర్చీని గుమ్మం దాకా లాక్కుని, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. సున్నం లారీలు పోతున్నాయి. వాటిని చూస్తూ చెప్పసాగాడు.

“నీ డ్రైవ్ గుచ్చు. ఫోల్డరు మీద మౌస్ కుడివైపు మీట నొక్కు. తెరవమాక. కాపీ అని వస్తది.”

“వచ్చింది. తల తిప్పావు నువ్వు.”

“తిప్పలేదు, దోమ. ఇప్పుడు నీ డ్రైవ్‌లోకి పోయి పేస్ట్.”

గీత ఒకటి నెమ్మదిగా నిండటం మొదలుపెట్టింది. ఆమె కళ్ళు ఒకసారి గీత మీద, ఒకసారి అతని వీపు మీద. టీ తెప్పించాలనుకుంది కానీ టీ అందుకోవడానికి తల తిప్పుతాడని మానుకుంది.

గీత నిండాక, రెండుచోట్లా ఫోల్డరు వివరాల్లో ఎన్ని ఫైళ్ళో, ఎంత సైజో సరిచూడమన్నాడు. సరిపోయాయి. “అయినా ఫోటోలు తెరిచి చూసుకో. నేను బయటికిపోతా,” అని వీధిలోకి దిగాడు. కోటేశ్వరి కొన్ని అక్కడక్కడా తెరిచింది. తెర మీద షమీమ్ కూతురు నవ్వింది. ఏ ఫోటో చెక్కుచెదరలేదు.

ఆఫ్ చేశాక పెన్‌డ్రైవ్ కోసం అతను చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

“దాంట్లో ఏం మిగల్లేదక్కా. తెరిచినదంతా మెమరీలోదే, ఆఫ్ చేస్తే పోయింది.”

“నువ్వన్నావు. నాకేం తెలుసు?”

అతను నవ్వేశాడు. “ఉంచుకో. ఇంకోటి చేసుకుంటాలే. కంప్యూటర్ ఇస్తే విండోస్ వేసి తెస్తా.”

“డిస్క్ ఊడదీసి నాకిచ్చి, డబ్బా తీసుకుపో. కొత్త డిస్క్ వెయ్యి. దానికి ఆ అసలు తాళం ఎట్టా వెయ్యాలో కూడా చెప్పు.”

అతను డిస్క్ ఊడదీసిచ్చి, డబ్బాతో వెళ్ళాక ఎదుటి గాజుల కొట్టులోంచి షమీమ్ బేగం వచ్చింది. కంప్యూటర్ పాడైందని ఎవరో చెప్పారట. అప్పటినుంచీ అక్కడే కూర్చుని ఉంది.

“వాడు లోపల కూర్చున్నాడుగా అక్కా మొదట.”

“కూర్చున్నాడు. ఫోల్డరు పేరు చూశాడు. ఫోటోలు చూడలేదు. తర్వాత రోడ్డు చూస్తా కూర్చున్నాడు.”

“అది నేనూ చూశాలే. తల తిప్పితే వద్దామనే కాచుకున్నా.”

షమీమ్ బల్లమీది డిస్క్ వైపు చూసింది. “మా ఫోటోలు ఇంకా దీంట్లో ఉన్నాయా?”

“ఉన్నాయి.”

“ఇది నాకియ్యి. పాస్‌వర్డ్ లేకుండానే తెరుచుకుంటదంటగా, వీధిలోకి వచ్చినప్పుడు వాణ్ణే అడిగా. నా బీరువాలో పెట్టుకుంటా.”

కోటేశ్వరి డిస్క్ మీద చెయ్యి వేసింది. ఒకప్పుడైతే ఆ మాటకు చిన్నబుచ్చుకునేది. ఇప్పుడు ఆ అనుమానం తన ఇంట్లో పెరిగిందేనని తోచింది.

“కంప్యూటర్ తిరిగొచ్చాక నీ పిల్లవి వరకూ వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టిస్తా, తీసుకుపో. డిస్క్ ఇవ్వను షమీమూ. దీంట్లో ఇంకా చానామంది ఆడపిల్లలున్నారు. నువ్వు కూడా చూడకూడదు.”

షమీమ్ ఆమె చేతికేసి చూసి, “అయితే దాన్ని దాచేదాకా నేనూ ఇక్కడే ఉంటా,” అని కుర్చీ లాక్కుని కూర్చుంది. అప్పుడు కోటేశ్వరి లేచి వీధి తలుపు వేసింది.