వత్తి నూనె తాగేదాకా

దాజీ పేట్‌లో మా సందు మొదట్లోనే దత్తాత్రి కిరాణా దుకాణం. ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినే అలవాటు అతనికి లేదు. "అన్నా, అర్ధకిలో..." అనేలోపే చక్కెర తూచేసేవాడు. నాకు కావలసింది గోధుమరవ్వ అయినా, మొహమాటానికి ఆ చక్కెరే ఇంటికి మోసుకొచ్చేదాన్ని.

భార్య సుందరాబాయికి పక్షవాతం వచ్చాక ఇది నవ్వులాట కాకుండా పోయింది. ఆమెకు కుడిచెయ్యి పడిపోయింది, మాట ముక్కలైంది. "మాట ఆమే వెతుక్కోవాలి. మీరు అందిస్తూ పోతే మాట్లాడటమే మానేస్తుంది" అన్నాడు డాక్టరు. దత్తాత్రి బుద్ధిగా తలూపాడు. ఇంటికి రాగానే అందించడం మొదలుపెట్టాడు.

"నా..."

"నాష్టానా? నీళ్లా? నడుము గుంజుతుందా?"

నెల తిరిగేసరికి ఆమె నోరు మూసుకుంది.

సాయంత్రం దుకాణంలో దివాబత్తి పెట్టడం అప్పటిదాకా ఆమె పనే. ఇప్పుడది దత్తాత్రి మీద పడింది. పక్క మగ్గాల షెడ్డులో పారేసిన పడుగు పోగులు తెచ్చి వత్తి పేనాడు. ప్రమిదలో నూనె పోసి, వత్తి వేసిన మరుక్షణమే పుల్ల గీశాడు. వత్తి భగ్గుమంది, నల్లబడింది, ఆరిపోయింది. మళ్లీ గీశాడు. మళ్లీ అంతే.

"క్యా సేఠ్, దీపం పెడుతున్నవా, బీడీ ముట్టిస్తున్నవా?" అన్నాడు బేరానికి వచ్చిన పెంటప్ప.

గడప పక్క కుర్చీలోంచి సుందరాబాయి పెదవి కదిపింది. "నూ..."

"నూనె తక్కువనా?" అంటూ దత్తాత్రి ప్రమిద పొర్లేదాకా పోశాడు. ఆమె గోడవైపు తిరిగింది. మూడోసారి పుల్ల అతని వేలినే కాల్చింది. దేవుడి దయ, ఆ వేలిని నోట్లో పెట్టుకున్నాడు. ఇక మాట్లాడటానికి వీల్లేదు.

ఆమె చాలాసేపు పెనుగులాడింది. "గం... జి. నూలుకు... గంజి."

మగ్గానికెక్కించే ముందు పడుగుకు గంజి పట్టిస్తారు. గంజి పట్టిన పోగు నూనెను పైకి ఎక్కనివ్వదు. నేత నేసే సాలోళ్ల ఇంట్లో పుట్టినవాడు ఈ సంగతి మరిచినందుకు పెంటప్ప పేటంతా టముకేశాడు.

మర్నాడు దత్తాత్రి ఉత్త దూది తెచ్చి, అరచేతుల మధ్య వదులుగా పేనాడు. వత్తిని నువ్వులనూనెలో వేసి, కొనను అంచు మీదికి లాగి, వడ్లగింజంత బయటికి ఉంచాడు. ఫ్యాను ఆపాడు. నూనె పోగు పోగునా ఎక్కి కొన మెరిసేదాకా ఊరకే కూర్చోవాలి. నోరు మెదపకుండా కూర్చున్నాడు. దీపం నిలకడగా వెలిగింది.

రోజూ ఆ కాసేపటి మౌనంలో సుందరాబాయి ఒక మాటో రెండో వెతికి తెచ్చేది. "ఉప్పు... ఎక్కువైంది." "కిటికీ... బంద్ చెయ్." అవే అతనికి పండగ.

ఒక సాయంత్రం నేను రవ్వ కోసం వెళ్లేసరికి అతను వత్తి ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె మాట్లాడుతోంది. అంత పొడుగు మాట నేనెప్పుడూ వినలేదు.

"చెయ్యి పడిన దినం... పొద్దుగాల... నీ దగ్గరికొచ్చిన. 'నా చెయ్యి...' అన్న. 'గాజులు రేపు కొందాం, పో' అన్నవ్."

దత్తాత్రి ఏమీ అందించలేదు.

"తిమ్మిరి... పడుతుందని... చెప్పబోయిన."

వత్తి కొన ఎప్పుడో తడిసి మెరుస్తోంది. అతను పుల్ల గీయలేదు. ఆమె పెదవి ఇంకా కదులుతోంది, అందుకని అలాగే కూర్చున్నాడు. దుకాణంలో చీకటి పడింది. నేను రవ్వ అడగకుండానే వచ్చేశాను.