రెండు వేళ్ల గడి

ఆదిలాబాద్‌లో, పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులో మిషన్లకు పత్తి అందించే ఆడవాళ్ల మీద నేను ముకద్దమును, అంటే మేస్త్రీని. చదివింది మూడో తరగతే అయినా, రాయడం వచ్చని ఆ పని నాకిచ్చారు. సీజను ముగిసేటప్పుడు ఒక్కొక్కరి పేరు పక్కన 'గుణం' అనే గడి నింపి లెక్కలు రాసే మునీముకు ఇవ్వాలి. ఆ పట్టీ చూసే మళ్లీ సీజనుకు ఎవరిని పిలవాలో తేల్చేవారు. గడి రెండు వేళ్ల వెడల్పు. మంచిది, సోమరి, గట్టిది అని రాసేసేదాన్ని. సిరా కూడా తక్కువ పట్టేది.

ఒక ఏడు, రెండో మిషను మీద చేసే ఆమెకు 'పొగరు' అని రాశాను. మునీము ఆమె పేరు కొట్టేశాడు. ఆమె నేరుగా మా ఇంటికొచ్చింది.

"అక్కా, పొగరని రాసినవట. నేనేం జేసిన?"

"నీకు తెల్వదా?"

"తెలిస్తే అడుగుతనా? ఎవర్నన్న తిట్టిన్నా? నా ఇంటాయనకు పని లేదు. ఏం జేసిన్నో చెప్తే మానుకుంట."

చిరాకేసింది. ఆ సీజనంతా ఏం చూశానో కూర్చుని తవ్వుకుంటే తేలినవి ఇవే. వానకు తడిసిన కుప్ప వచ్చినప్పుడు రెండుసార్లు, నేను వేయమన్నా వినకుండా చేతులు కట్టుకుని నిలబడింది. పక్క మిషనామె అదే పత్తి వేస్తే గింజ విడవక, దూది రోలరుకు చుట్టుకుని, పూటంతా మిషను ఆగింది. ఈమె మిషను ఆగలేదు. ఇక, నాలుగు రోజులు మధ్యాహ్నం బువ్వకు పోయి ఆలస్యంగా వచ్చింది, అంతసేపు మిషను ఉత్తగా తిరిగింది.

కాగితం కొనడం దేనికని పాత రసీదు వెనక ఇవన్నీ రాసి మునీముకు ఇచ్చాను.

"ముకద్దమమ్మా, గింత కత చిన్న గడిల ఏడ వడ్తది? ఒక్క ముక్క చెప్పు. పొగరా, కాదా?"

"ఆ ముక్కతోనే ఆమె పొట్ట కొట్టిన. ఇగ చెప్ప."

మునీము నవ్వి రసీదు పక్కన పడేశాడు. తీసుకుని మేనేజరు దగ్గరికి పోయాను. ఆయన మిషన్లు బాగుచేసే ఫిట్టరును పిలిచి తడి పత్తి సంగతి అడిగాడు. "నిజమే సాబ్, ఆ రోలరు నేనే సాఫ్ జేసిన" అన్నాడు ఫిట్టరు. పేరు మళ్లీ ఎక్కింది. ఆలస్యం సంగతి నేనే ఆమెకు చెప్పాను. "గది నా తప్పే అక్కా" అంది. ఆలస్యం మాట నేను మొదటే ఆమెకు చెప్పి ఉంటే సరిపోయేది.

ఆ రోజు మేనేజరు గదిలోంచి నేను వెళ్లబోతుంటే ఆయన పట్టీలో ఇంకో పేరు మీద వేలు పెట్టాడు. "ఈమె మంచిదని రాసినవు. ఏం జేసింది?"

ఎంత ఆలోచించినా ఒక్కటీ గుర్తు రాలేదు. ఆమె నాకు ఎదురు చెప్పేది కాదు, అంతే.

ఆ మరుసటి ఏడు పట్టీ అచ్చయి వచ్చింది. గడి అప్పుడూ రెండు వేళ్ల వెడల్పే ఉంది.